అడగని ఉద్యోగానికి తొలి ఉత్తరం
బస్తర్‌కు రమ్మని ఒక అనుభవజ్ఞునికి రాసే లేఖ ఎట్లుండాలి?

ఉద్యోగం కోరి దరఖాస్తు పెట్టుకొన్న వ్యక్తికి సంస్థ రాసే ఉత్తరం ఒక రకం. ఏ దరఖాస్తూ పెట్టక, ఉన్నచోట సంతృప్తిగా పనిచేసుకొంటున్న వ్యక్తికి రాసే ఉత్తరం వేరొక రకం. మొదటి ఉత్తరం కొరకు అవతలి మనిషి ఎదురుచూస్తుంటాడు. రెండవది పిలవని చుట్టం వంటిది. ఆ ఇంటివారికి తీరిక ఉన్నదో లేదో తెలియకుండానే తలుపు తడుతుంది. పర్సనల్ విభాగంలో పనిచేసేవారికి ఈ రెండవ ఉత్తరం రాయడం ఎంత కష్టమో, రాసినవారికే తెలుస్తుంది. ఈ వ్యాసంలో అటువంటి ఒక్క ఉత్తరాన్ని మాత్రమే తీసుకొని, మొదటి నుండి చివరి వరకు పరిశీలిద్దాము. ఉదాహరణకు బస్తర్‌ను ఎన్నుకొన్నాము. ఇందులోని నమూనా లేఖలు ఈ వ్యాసం కొరకు రాసుకొన్నవే. అవి ఏ సంస్థ పంపిన ఉత్తరాలూ కావు, ఏ వ్యక్తికి చేరినవీ కావు.

బస్తర్ తెలుగువారికి కొత్త చోటు కాదు. కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగే రైలుమార్గం అరకు, కోరాపుట్, జగదల్‌పూర్‌ల మీదుగా పోతుంది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో ఈ మార్గాన్ని నిర్మించారు. అదే దారిన ఎన్నో తెలుగు కుటుంబాలు కిరండూల్, బచేలి గనులకు చేరుకొన్నాయి. ఆ తరువాత జగదల్‌పూర్‌కు సుమారు 16 కి.మీ. దూరాన నగర్‌నార్ వద్ద, సంవత్సరానికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారం వెలసింది. అక్కడి బ్లాస్ట్ ఫర్నెస్ 2023 ఆగస్టులో తొలిసారి ద్రవ ఇనుమును ఇచ్చింది.

నియామక అధికారికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నగర్‌నార్ ఫర్నెస్ ఘనపరిమాణం 4,506 ఘనపు మీటర్లు. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ అని పేరుపెట్టుకొన్న మొదటి రెండు ఫర్నెస్‌లు కట్టిననాడు ఒక్కొక్కటి 3,200 ఘనపు మీటర్లు. అంతటి పెద్ద ఫర్నెస్‌ను సంవత్సరాల తరబడి నడిపినవారు మన దేశంలో కొద్దిమందే. ఆ కొద్దిమందీ ఎక్కడో ఒకచోట ఉద్యోగంలోనే ఉంటారు. పత్రికలో ప్రకటన వేస్తే దానిని చూసేది ఉద్యోగం వెదికేవారు. వెదకనివారు ఆ పేజీని తిప్పి క్రీడావార్తలకు పోతారు. కనుక ప్రకటన వెలువడిందని వారికి ప్రత్యేకంగా తెలియజేయవలసి వస్తుంది.

మన ఉదాహరణలో అటువంటి ఇంజనీరు ఒకరున్నారని అనుకొందాము. ఆయన తీరప్రాంతంలోని ఒక ఉక్కు కర్మాగారంలో పదహారేళ్ళుగా బ్లాస్ట్ ఫర్నెస్ విభాగంలో పనిచేస్తున్నారు. ఆయనకు ఉద్యోగం మీద ఏ అసంతృప్తీ లేదు. పిల్లలు అక్కడే చదువుకొంటున్నారు. అటువంటి వ్యక్తికి, తొందరలో ఉన్న అధికారి సాధారణంగా రాసే ఉత్తరం ఈ విధంగా ఉంటుంది:

“అయ్యా, మీ ప్రొఫైల్ చూసి మిక్కిలి ఆకర్షితులమైనాము. ఒక ప్రతిష్ఠాత్మక ఉక్కు సంస్థలో మీవంటి ప్రతిభావంతులకు అద్భుత అవకాశం ఉన్నది. ఆకర్షణీయమైన జీతం. వెంటనే మీ బయోడేటా పంపండి. ఈ అవకాశం కొద్దిరోజులు మాత్రమే.”

ఈ ఉత్తరంలో మర్యాదకు లోటులేనట్లే కనిపిస్తుంది. కాని పేరు మార్చి దీనిని వందమందికి పంపవచ్చు. చదివిన మనిషికి ఆ సంగతి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఏ సంస్థయో లేదు, ఏ ఊరో లేదు, ఏ పనియో లేదు, జీతమెంతో లేదు. ఇవ్వవలసిన నాలుగు వివరాలనూ దాచిపెట్టి, బయోడేటా మాత్రం అవతలివారినుండి అడుగుతున్నది. అనగా శ్రమ అంతా ఉద్యోగం అడగని వ్యక్తి మీద మోపింది. దీనికి జవాబు రాకపోతే ఆశ్చర్యపడవలసినది లేదు.

సరియైన ఉత్తరం రాయడానికి ముందు చేయవలసిన పని చాలా ఉన్నది. అందులో మొదటిది ప్రభుత్వరంగానికి ప్రత్యేకమైనది. మన రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు ప్రభుత్వోద్యోగంలో సమానావకాశాన్ని విధించాయి. అందువల్ల ప్రైవేటు సంస్థవలె, నచ్చిన మనిషిని పిలిచి కూర్చోబెట్టి ఉద్యోగం ఇవ్వడం మనకు కుదరదు. బహిరంగ ప్రకటన వెలువడాలి, అర్హులందరూ దరఖాస్తు చేసుకోవాలి, కమిటీ ఎంపిక చేయాలి. కనుక మన ఉత్తరం ఉద్యోగానికి ఆహ్వానం కాజాలదు. అది వెలువడిన ప్రకటన గురించిన సమాచారం మాత్రమే. ప్రకటనకు ముందు రాస్తే తప్పు. ఒక్కరికే రాసి, అదే అర్హత గల తక్కినవారిని వదిలివేస్తే అదీ తప్పే. ఏ ప్రాతిపదికన ఎవరెవరికి రాశామో ఫైలులో నమోదు చేయాలి. ఉదాహరణకు, గత ఐదేళ్ళలో పెద్ద ఫర్నెస్‌ల నిర్వహణపై వృత్తిసంఘాల సభలలో పత్రాలు సమర్పించిన వారందరికీ రాశామని చెప్పగలిగితే, రేపు ఎవరు ప్రశ్నించినా సమాధానం సిద్ధంగా ఉంటుంది.

రెండవది, అవతలివారి అర్హతను మనమే ముందుగా సరిచూడడం. ప్రకటనలో గరిష్ఠ వయస్సు, విద్యార్హత, కింది గ్రేడులో ఉండవలసిన సర్వీసు ఉంటాయి. మీరు రండని మనమే రాసి, ఆయన ఆశపడి దరఖాస్తు చేశాక వయోపరిమితి దాటిందని తిప్పిపంపడంకంటె అవమానం మరొకటి లేదు. ఆయన వయస్సు మనకు తెలియకపోతే, ఆ పరిమితిని ఉత్తరంలోనే స్పష్టంగా రాయాలి.

మూడవది, ఆయన పనిని గురించి నిజంగా ఒక విషయం తెలుసుకోవడం. మన ఇంజనీరు ఒక సభలో ట్యాప్ హోల్ పొడవు గురించి పత్రం చదివారని అనుకొందాము. ఆ విషయం ఏమిటో ఇంటివారికి కూడ అర్థమయ్యేటట్లు చెప్పవచ్చు. ఫర్నెస్ అడుగున చేరిన ద్రవ ఇనుమును బయటికి వదిలే రంధ్రమే ట్యాప్ హోల్. పెద్ద ఫర్నెస్‌కు సాధారణంగా ఇవి నాలుగు ఉంటాయి. ఇనుమును వదలిన ప్రతిసారీ మడ్ గన్ అనే యంత్రంతో ప్రత్యేకమైన బంకమట్టిని లోపలికి దట్టించి రంధ్రాన్ని మూస్తారు. ఆ మట్టి లోపలి గోడకు దన్నుగా నిలిచి, రంధ్రానికి తగినంత పొడవును ఇస్తుంది. పొడవు తగ్గిపోతే ఇనుము, చిట్టెము పూర్తిగా బయటికి రాకముందే రంధ్రం మూయవలసి వస్తుంది, లోపలి గోడ కూడ త్వరగా అరిగిపోతుంది. ఆ పొడవును నిలకడగా ఉంచడం అనుభవంమీద వచ్చే విద్య. నియామక అధికారికి ఇదంతా తెలియనవసరం లేదు. కాని ఫర్నెస్ విభాగాధిపతి దగ్గర అరగంట కూర్చుంటే, ఆ పత్రంలో మనకు పనికివచ్చేది ఏమిటో ఆయన చెబుతారు. ఆ ఒక్క వాక్యమే ఉత్తరానికి ప్రాణం.

ఇక్కడ ఒక హద్దు కూడ ఉన్నది. ఆయన నలుగురి ఎదుట చదివిన పత్రాన్ని ప్రస్తావించవచ్చు. ఆయన సహోద్యోగి ద్వారా ఆరాతీసిన జీతం, ప్రమోషను రాలేదన్న సంగతి, ఇంటి విషయాలు ప్రస్తావించరాదు. అవి నిజమే అయినా, చదివే మనిషికి ఎవరో తనను వెన్నంటి చూస్తున్నట్లు అనిపిస్తుంది.

నాలుగవది చిరునామా. ఆయన కార్యాలయ చిరునామాకు గాని, ఆఫీసు ఈ-మెయిలుకు గాని ఈ ఉత్తరం పోకూడదు. ఆయన ఏమీ అడగకపోయినా, వేరే సంస్థకు పోజూస్తున్నాడన్న మాట విభాగంలో పుట్టవచ్చు. ఆ మాటకు ఆయనే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. షిఫ్టులో ఉన్నపుడు ఫోను చేయడం, ఇంటికి ఫోను చేసి భార్యతో విషయం చెప్పడం కూడ తగనివే. వృత్తిపరమైన ఉత్తరాల కొరకు ఆయనే పత్రంలో ఇచ్చిన సొంత ఈ-మెయిలు ఉంటే దానికే రాయాలి. అటువంటిది దొరకకపోతే రాయకుండా ఊరుకోవడమే మేలు.

ఇంత చేసిన తరువాత రాసే ఉత్తరం ఈ రూపంలో ఉండవచ్చు. ఇది కార్యాలయాలలో ఇంగ్లీషులోనే రాస్తారు గాని, ఇరువురూ తెలుగువారైతే తెలుగులో రాయడానికి అభ్యంతరమేమీ లేదు.

“గౌరవనీయులైన శ్రీ … గారికి, నమస్కారములు.

నేను బస్తర్ జిల్లాలోని ఒక ప్రభుత్వరంగ ఉక్కు సంస్థలో నియామకాల విభాగం చూస్తున్నాను. సంస్థ పేరు, నా హోదా, కార్యాలయపు ఫోను నంబరు కింద ఇచ్చాను. ట్యాప్ హోల్ పొడవు నిలకడపై మీరు సమర్పించిన పత్రాన్ని మా ఫర్నెస్ విభాగాధిపతి చదివారు. బంకమట్టి రకం మార్చిన తరువాత మొదటి నెలలో మీరు ఎదుర్కొన్న ఇబ్బందులను దాచకుండా రాయడం తమకు ఎంతో ఉపయోగపడిందని ఆయన అన్నారు. మీ చిరునామా ఆ పత్రంలోనిదే.

మా సంస్థ ఈ-5 గ్రేడులో ఫర్నెస్ నిర్వహణకు ఒక పోస్టును ప్రకటించింది. మూలవేతన శ్రేణి రూ. 80,000 – 2,20,000. ప్రకటన సంఖ్య, గరిష్ఠ వయస్సు, చివరి తేదీ కింద ఉన్నవి. క్యాస్ట్ హౌస్‌లో మూడు షిఫ్టుల బాధ్యత ఈ పోస్టుది. పని పగటిపూట మాత్రమే అని చెప్పలేను.

మీరు ప్రస్తుత ఉద్యోగంలో సుఖంగా ఉన్నారనే భావిస్తున్నాను. అయినా ఈ సమాచారం మీకు తెలియడం మంచిదని రాస్తున్నాను. ఎంపిక బహిరంగ పద్ధతిలోనే జరుగుతుంది. ఈ ఉత్తరం వల్ల మీకు అందులో ప్రత్యేకమైన మొగ్గు ఏదీ ఉండదు. దరఖాస్తు చేయదలిస్తే మీ సంస్థ అనుమతితో, సరియైన మార్గంలోనే చేయవలసి ఉంటుంది.

ఊరి విషయం. కర్మాగారం జగదల్‌పూర్‌కు దగ్గరలో ఉన్నది. విశాఖపట్నం నుండి రోడ్డున సుమారు 300 కి.మీ. రైలులో సుమారు పది గంటలు. వానాకాలంలో ఘాటీలో కొండచరియలు పడితే రైళ్ళు ఆగుతాయి. కేంద్రీయ విద్యాలయం, ప్రభుత్వ వైద్య కళాశాల ఊళ్ళో ఉన్నవి. తెలుగు మాధ్యమం పాఠశాల విషయంలో హామీ ఇవ్వలేను. చేరిన రోజే క్వార్టరు దొరుకుతుందని కూడ చెప్పలేను.

ఆసక్తి లేకపోతే జవాబు రాయనక్కరలేదు, నేను మళ్ళీ రాయను. ఏదైనా తెలుసుకోవాలనిపిస్తే ఒక్క ప్రశ్న రాసినా చాలును. ఇప్పుడు బయోడేటా పంపవలసిన పని లేదు.

భవదీయుడు …”

ఈ ఉత్తరంలో పొగడ్త లేదని పాఠకులు గమనించే ఉంటారు. ప్రతిభావంతులు, నిపుణులు అన్న మాటలు ఒక్కటీ రాలేదు. వాటికి బదులు ఆయన చేసిన ఒక పని, దాని వల్ల మరొకరికి కలిగిన ఉపయోగం ఉన్నది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1898 నవంబరులో జంషెడ్జీ టాటా స్వామి వివేకానందకు రాసిన ఉత్తరం అందరికీ తెలిసినదే. ఐదేళ్ళ క్రితం ఇద్దరూ ఒకే ఓడలో ప్రయాణించిన సంగతిని, అప్పుడు స్వామీజీ చెప్పిన ఒక భావాన్ని జ్ఞాపకం చేసి, ఆ భావానికి తాను తలపెట్టిన పరిశోధనాలయానికి ఉన్న సంబంధాన్ని చూపి, ఆ ఉద్యమానికి తోడ్పడమని కోరారు. స్వామీజీ తన కార్యాన్ని వదలి ఆ బాధ్యత చేపట్టలేదు. అయినా ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ గౌరవంగా తలచుకొంటున్నాము. బెంగుళూరులో ఆ విద్యాసంస్థ 1909లో ఏర్పడింది. ఒప్పుకోలు రాకపోయినంత మాత్రాన ఉత్తరం విఫలమైనట్లు కాదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అవసరం లేదు.

మా నమూనాలో జీతాన్ని మొదటి ఉత్తరంలోనే రాశాము. చాలమంది అధికారులు దీనికి ఒప్పుకోరు. జీతం చెబితే అక్కడే ఆగిపోతారని వారి భయం. నిజమే, కొందరు ఆగిపోతారు. కాని ప్రభుత్వరంగంలో వేతన శ్రేణి ప్రకటనలోనే అచ్చవుతుంది. దానిని దాచి సాధించేది ఏమీ లేదు. పైగా ఉన్న జీతంకంటె తక్కువని తెలిసిన వ్యక్తి మూడు సంభాషణల తరువాత వెనుదిరిగితే ఇరువురికీ కాలం వృథా. ఆయన మొదటి రోజే వెనుదిరగడమే మేలు.

మూడు షిఫ్టులు, కొండచరియలు, క్వార్టరు, పాఠశాల వంటివి ఎందుకు రాయాలని మరికొందరు అడుగుతారు. ఉద్యోగం మారేది ఒక్క మనిషి కాదు, కుటుంబం. ఉత్తరం చదివిన రాత్రి ఇంట్లో వచ్చే ప్రశ్నలు ఫర్నెస్ ఘనపరిమాణం గురించి ఉండవు. అమ్మాయి చదువు ఎక్కడ, అత్తగారికి జబ్బుచేస్తే ఆసుపత్రి ఎంత దూరం, దసరాకు ఊరికి రావడం ఎట్లా అన్నవే వస్తాయి. బస్తర్ అనగానే భద్రత గురించిన ప్రశ్న కూడ తప్పక వస్తుంది. ఆ ప్రశ్నకు మొదటి ఉత్తరంలో హామీలు ఇవ్వరాదు, భయమేమీ లేదని కొట్టిపారేయనూ రాదు. కర్మాగారం జగదల్‌పూర్ పట్టణానికి దగ్గరలో ఉన్నదని, కావాలంటే కుటుంబంతో ఒకసారి వచ్చి, అక్కడ కాపురమున్న తెలుగు ఇళ్ళలోనే అడిగి తెలుసుకోవచ్చని, అడిగినపుడు చెప్పాలి. అటువంటి ఇంటి గృహిణి చెప్పే మాట, అధికారి రాసే పది పేజీలకంటె విలువైనది.

చెప్పక తప్పని సంగతి ఇంకొకటి ఉన్నది. ప్రభుత్వరంగంలో పనిచేసే మనిషి ముందుగా అడిగేది సంస్థ యాజమాన్యం గురించి. నగర్‌నార్ కర్మాగారాన్ని మాతృసంస్థ నుండి విడదీసి, అందులోని ప్రభుత్వ వాటాను విక్రయించడానికి కేంద్రం 2020 అక్టోబరులో ఆమోదం తెలిపింది. 2022 డిసెంబరులో కొనుగోలుదారుల ఆసక్తిని కోరుతూ ప్రకటన వెలువడింది. ఉత్తరం రాసే నాటికి ఆ విషయం ఏ దశలో ఉన్నదో అధికారి తెలుసుకొని ఉండాలి. ఇతర సంస్థలోని స్థిరమైన ఉద్యోగాన్ని వదలి రమ్మంటూ ఈ సంగతిని దాచడం మోసంతో సమానం. మొదటి ఉత్తరంలో దీనికి చోటు లేకపోయినా, మొదటి సంభాషణలో ఆయన అడగకముందే చెప్పాలి. పత్రికలలో చదివి ఆయనే అడిగేదాకా ఆగితే, అంతవరకు చెప్పిన నిజాలు కూడ అనుమానాస్పదమవుతాయి.

ఇక జవాబు విషయం. మన ఉదాహరణలోని ఇంజనీరు నాలుగు రోజుల తరువాత రెండు వాక్యాలు రాశారనుకొందాము. ఉత్తరానికి కృతజ్ఞతలు, అమ్మాయి పదవ తరగతిలో ఉన్నది, రెండేళ్ళ వరకు కదలలేను అని. ఇక్కడ పొరపాటు చేసే అధికారులు ఎక్కువ. జగదల్‌పూర్‌లోనే మంచి పాఠశాల ఉన్నదని వాదనకు దిగుతారు. అది చేయకూడదు. ఆయన కాదన్నారు, కారణం కూడ మర్యాదకు చెప్పారు. దానికి ఒక్క వాక్యంతో కృతజ్ఞత తెలిపి, అమ్మాయి పరీక్షలకు శుభాకాంక్షలు చెప్పి ముగించాలి. మీకు తెలిసినవారెవరైనా ఉన్నారా అని అదే ఉత్తరంలో అడగడం కూడ తగదు. కాదన్న మనిషిని వెంటనే మరొక పనికి పురమాయించినట్లవుతుంది. రెండేళ్ళ తరువాత కొత్త ప్రకటన వెలువడితే, అప్పుడు రాయవచ్చునా అని మాత్రం అడగవచ్చు. ఆయన సరే అంటే ఫైలులో తేదీ రాసుకోవాలి. అనకపోతే పేరు తీసివేయాలి.

జవాబే రాకపోతే? నమూనాలో మళ్ళీ రాయనని మాట ఇచ్చాము, దానిని నిలబెట్టుకోవాలి. ఆ మాట ఇవ్వనివారు చివరి తేదీకి వారం ముందు ఒకసారి గుర్తుచేస్తే తప్పులేదు. రెండవసారి గుర్తుచేస్తే వేధించినట్లే అవుతుంది. మన ఉత్తరం సరిగా ఉన్నదో లేదో తెలుసుకొనే గుర్తు కూడ ఇక్కడే దొరుకుతుంది. పదిమందికి రాస్తే ఎందరు చేరారని మాత్రమే లెక్కించరాదు. కారణం చెప్పి కాదన్నవారు ఎందరో చూడాలి. కారణం చెప్పారంటే ఉత్తరాన్ని చదివారని, ఆలోచించారని అర్థం. పదిమందీ మౌనంగా ఉన్నారంటే లోపం ఉత్తరంలోనే ఉన్నదేమో వెదకాలి. చాలసార్లు అది మొదటి పేరాలోనే దొరుకుతుంది. ఆ పేరాను పేరు మార్చి వేరొకరికి పంపగలిగితే, దానిని మళ్ళీ రాయవలసి ఉంటుంది.

మన పాఠకులలో చాలమంది ఇటువంటి ఉత్తరాలను రాసేవారు కాదు, అందుకొనేవారు. వారికి ఒక మాట. ఉత్తరంలోని ప్రకటన సంఖ్యను సంస్థ అధికారిక వెబ్‌సైటులో సరిచూసుకోండి. అక్కడ లేని పోస్టుకు ఎవరైనా రమ్మన్నా, ఎంపిక చేయిస్తామని డబ్బు అడిగినా అది మోసమే. ప్రకటనలో పేర్కొన్న దరఖాస్తు రుసుము ఉంటే, దానిని ప్రకటన చూపిన మార్గంలోనే చెల్లించండి. మీ సంస్థకు తెలియకుండా రమ్మని ఎవరైనా ఒత్తిడి చేస్తే జాగ్రత్తపడండి. ఒక ప్రభుత్వరంగ సంస్థ నుండి మరొకదానికి సరియైన మార్గంలో పోయినపుడే పాత సర్వీసు, గ్రాట్యుయిటీ వంటివి నిబంధనల మేరకు కొనసాగే వీలుంటుంది.

ఉత్తరం నిజమైనదని తేలి, మీకు మాత్రం ఇష్టం లేకపోతే, రెండు వాక్యాలలో వద్దని రాయండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు, సంజాయిషీ చెప్పవలసినదీ లేదు. ఇష్టమున్నదేమో అనిపిస్తే, ఆ ఉత్తరాన్ని ఆఫీసులో కాక, ఇంట్లో అందరూ కూర్చున్నపుడు చదవండి. అందులో సమాధానం లేని ప్రశ్న ఇంట్లో ఎవరికి తోచినా దానినే మొదటి జవాబుగా రాసి పంపండి. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానాన్నిబట్టి, రాసిన సంస్థ ఎటువంటిదో సగం తెలిసిపోతుంది.